నరాల మాత్రకు కిడ్నీ లెక్క

పది పదిహేనేళ్లుగా షుగర్ ఉన్నవాళ్ల మందుల డబ్బా తెరిచి చూడండి. షుగర్ బిళ్లలు, బీపీ బిళ్లల పక్కన ఒక క్యాప్సూల్ షీటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఇదెందుకు అని అడిగితే ‘నరాల బలానికి’ అంటారు. షీటు వెనక చిన్న అక్షరాల్లో మాత్రం ‘ప్రీగాబలిన్ 75 మి.గ్రా., మిథైల్‌కోబాలమిన్ 750 మైక్రోగ్రాములు’ అని ఉంటుంది. కొన్ని షీట్ల మీద ప్రీగాబలిన్ బదులు గాబాపెంటిన్ ఉంటుంది. ఇందులో మిథైల్‌కోబాలమిన్ ఒక్కటే విటమిన్, బి12లో ఒక రకం. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ బలం మందులు కావు. రెండూ మూర్ఛకు కూడా వాడే మందులు. గాబాపెంటిన్‌కు అమెరికాలో 1993లో మొదట అనుమతి వచ్చింది మూర్ఛకే. ప్రీగాబలిన్ 2004 చివర్లో వచ్చింది.

దెబ్బతిన్న నరం కారణం లేకుండానే మెదడుకు నొప్పి కబుర్లు పంపుతూ ఉంటుంది. ఆ కబుర్లు ఒక నరకణం నుంచి ఇంకో దానికి అందాలంటే నరం చివర్లోకి కాల్షియం వెళ్లాలి. ఈ మందులు ఆ కాల్షియం దారిలో ఒక భాగానికి అతుక్కుని జోరు తగ్గిస్తాయి. నొప్పి తగ్గుతుంది, నరం మాత్రం బాగుపడదు. జోరు తగ్గేది నొప్పి నరాల్లో ఒక్కచోటే అయితే ఇబ్బంది ఉండేది కాదు. మెదడులోనూ అదే జరుగుతుంది కాబట్టి మత్తు, తూలుడు వెంట వస్తాయి.

ఈ రెండు మందులకూ ఇంకో గుణం ఉంది. మనం మింగే చాలా మందుల్ని కాలేయం ముక్కలు చేసి బయటికి పంపుతుంది. వీటిని అది దాదాపు ముట్టుకోదు. ఒంట్లోకి చేరిన మందు చేరినట్టే రక్తంలో తిరిగి, మూత్రంలో బయటికి పోతుంది. అంటే ఒంట్లోంచి వీటికున్న దారి కిడ్నీ ఒక్కటే. అందుకే ఒకే క్యాప్సూల్ మనవడికి ఒక డోసు, నాయనమ్మకు ఇంకో డోసు అవుతుంది. చీటీ రాసేటప్పుడూ, మందు కొనేటప్పుడూ ఎక్కువగా మరిచిపోయేది ఈ సంగతే.

ఏ నొప్పికి, ఎంతమందికి

అరికాళ్లలో మంటలు, సూదులతో పొడిచినట్టు పోట్లు, రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం లాంటివి షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు కనిపిస్తాయి. సర్పి పొక్కులు మానిపోయాక కూడా అదేచోట నెలల తరబడి నిలిచిపోయే మంట ఉంటుంది. ఈ రెండింటిలోనూ ఈ మందులు పనిచేస్తాయని పరీక్షల్లో తేలింది. అయినా అందరికీ పనిచెయ్యవు. రోజుకు 1,200 మి.గ్రా., అంతకు మించి గాబాపెంటిన్ వాడిన షుగర్ రోగుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూస్తే, నొప్పి సగమో అంతకంటే ఎక్కువో తగ్గినవాళ్లు వందకు 38 మంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ వందకు 21 మందికి అంత ఉపశమనం కలిగింది. అంటే మందు వల్లనే మేలు జరిగింది వందలో 17 మందికి. వాళ్లకు అది పెద్ద ఊరటే. మిగతావాళ్లు ఫలితం లేకపోయినా ఏళ్ల తరబడి వాడుతూ పోవడంలో అర్థం లేదు.

నడుములోంచి కాలిలోకి లాగే సయాటికా నొప్పికి కూడా ప్రీగాబలిన్ తరచుగా రాస్తుంటారు. ఆస్ట్రేలియాలో 209 మంది సయాటికా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కాలినొప్పి తగ్గించడంలో ప్రీగాబలిన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు. తలతిరుగుడు మాత్రం ప్రీగాబలిన్ వాడినవాళ్లలోనే ఎక్కువ. మోకాళ్ల అరుగుదల నొప్పి, పని చేసి ఒళ్లు నొప్పులు పుట్టడం నరాల నొప్పి కిందికి రావు. వాటికి ఈ మందు వాడితే మిగిలేది మత్తే.

మెట్టు మెట్టుగా ఎందుకు

మొదటి రోజే పూర్తి డోసు వేసుకుంటే మందు పనిచెయ్యడం మాట అటుంచి, మనిషి లేచి నడవడమే కష్టమవుతుంది. మెదడుకు అలవాటు పడే వ్యవధి కావాలి. అందుకే గాబాపెంటిన్‌ను మామూలుగా మొదటి రోజు 300 మి.గ్రా. ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు ఇచ్చి, అక్కడి నుంచి అవసరాన్ని బట్టి 1,800 మి.గ్రా. దాకా పెంచుతారు. ఇది కిడ్నీలు బాగున్న నడివయసు మనిషికి. పెద్దవయసు వాళ్లకు రాత్రి 100 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారానికో మెట్టు పెంచే డాక్టర్లే ఎక్కువ. ప్రీగాబలిన్ కూడా పెద్దవాళ్లకు రాత్రి పడుకోబోయే ముందు 25 లేదా 50 మి.గ్రా.తో మొదలుపెట్టడం మంచిది. బి12 కలిపిన క్యాప్సూల్‌లో ఎక్కువగా 75 మి.గ్రా. ఉంటుంది. దాన్ని విరిచి సగం చేసుకోలేం. కాబట్టి నెమ్మదిగా పెంచాల్సిన వాళ్లకు కలిపిన మందు కన్నా విడిగా దొరికే చిన్న డోసే నయం.

మత్తు, తూలుడు మొదలుపెట్టిన రోజుల్లోనూ, డోసు పెంచిన ప్రతిసారీ ఎక్కువగా ఉంటాయి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. ఆ రోజుల్లో బండి నడపకూడదు. నాకేం మత్తు లేదు అని మనకు అనిపించడం దీనికి కొలత కాదు. ఈ మందు వాడేవాళ్లు తమ మత్తును తాము సరిగ్గా అంచనా వేసుకోలేరని మందు కాగితంలోనే హెచ్చరిక ఉంటుంది. ఆటో, లారీ, ట్రాక్టర్ తోలేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. రాత్రి మూత్రానికి లేచే పెద్దవాళ్లు మంచం మీద కాసేపు కూర్చుని, లైటు వేసుకుని, అప్పుడు నడవాలి. ఇలాంటి వేళ పడితే తుంటి ఎముక విరగొచ్చు.

కాళ్ల వాపు, బరువు పెరగడం, చూపు మసకబారడం కూడా ఈ మందుల వల్ల వస్తుంటాయి. షుగర్‌కు వాడే పియోగ్లిటజోన్ కూడా కాళ్లు వాచేలా చేస్తుంది. రెండూ కలిపి వాడుతుంటే వాపు ఇంకా పెరుగుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పేర్లు ఒకలాంటివే, తూకాలు వేరు

గాబాపెంటిన్‌ను పేగు కొంతవరకే పీల్చుకోగలదు. రోజుకు 900 మి.గ్రా. వేసుకుంటే అందులో 60 శాతం, అంటే 540 మి.గ్రా. రక్తంలోకి వెళ్తుంది. 2,400 మి.గ్రా. వేసుకుంటే వెళ్లేది 34 శాతం, అంటే సుమారు 816 మి.గ్రా. మందు రెండున్నర రెట్లకు పైగా పెరిగినా రక్తంలో పెరిగింది ఒకటిన్నర రెట్లే. రోజుమొత్తం డోసును మూడు పూటలకు పంచడానికి ఇదొక కారణం. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు వెంటనే వేసుకుంటే పీల్చుకోవడం ఇంకా తగ్గుతుంది. రెండు గంటలు ఎడం ఉండాలి.

ప్రీగాబలిన్‌కు ఆ అడ్డు లేదు. ఎంత వేసుకున్నా 90 శాతం, ఆ పైన రక్తంలోకి చేరుతుంది. ఖాళీ కడుపున అయితే గంటన్నర లోపే రక్తంలో దాని మట్టం శిఖరానికి చేరుతుంది. అందుకే గాబాపెంటిన్ 300, ప్రీగాబలిన్ 300 ఒకటి కావు. గాబాపెంటిన్ 900 మి.గ్రా. చేసే పనికి ప్రీగాబలిన్ సుమారు 150 మి.గ్రా. చాలు. మెడికల్ షాపులో ‘అది లేదు, ఇదీ అలాంటిదే’ అని ఒకదాని బదులు ఇంకోటి ఇస్తే తీసుకోకూడదు. ఇద్దరు డాక్టర్లకు చూపించుకునేవాళ్లు ఒకరు రాసిన ప్రీగాబలిన్, ఇంకొకరు రాసిన గాబాపెంటిన్ రెండూ మింగుతున్న సందర్భాలూ ఉంటాయి. కంపెనీ పేర్లు వేరు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. షీటు వెనక ఉన్న అసలు పేరు చదివితేనే తెలుస్తుంది.

ఒక చీటీ, ఎనిమిది నెలలు

కిడ్నీ లెక్క ఎలా తప్పుతుందో చూడటానికి ఒక కేసు ఊహించుకుందాం. ఆమెకు 68 ఏళ్లు. బరువు 50 కిలోలు. షుగర్ పాతది. అరికాళ్ల మంటలకు ప్రీగాబలిన్ మొదలుపెట్టారు. 75 మి.గ్రా.తో మొదలై, రెండు నెలల్లో పొద్దున 150, రాత్రి 150 దాకా పెరిగింది. రోజుకు 300 మి.గ్రా. మంటలు తగ్గాయి, నిద్ర పట్టింది. అప్పటికి ఆమె క్రియాటినిన్ 1.1. చాలా ల్యాబుల కాగితాల్లో ఇది నార్మల్ కిందికే వస్తుంది.

నార్మల్ అని ఉన్నంత మాత్రాన కిడ్నీ బాగున్నట్టు కాదు. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ తక్కువున్న ముసలి మనిషిలో కిడ్నీ మందగించినా ఆ అంకె పెద్దగా పెరగదు. అందుకే మందుల డోసుకు డాక్టర్లు వయసు, బరువు కూడా కలిపి లెక్క వేస్తారు. ఆ లెక్క ఇది: 140 లోంచి వయసు తీసెయ్యాలి, వచ్చినదాన్ని బరువుతో గుణించాలి. దాన్ని 72, క్రియాటినిన్‌ల లబ్ధంతో భాగించాలి. ఆడవాళ్లయితే చివర్లో 0.85తో గుణించాలి.

ఈమెకు 140 లోంచి 68 పోతే 72. దాన్ని 50తో గుణిస్తే 3,600. కింద 72ను 1.1తో గుణిస్తే 79.2. భాగిస్తే 45.5, దాన్ని 0.85తో గుణిస్తే దాదాపు 38.6. అంటే కిడ్నీలు నిమిషానికి 39 మిల్లీలీటర్ల రక్తాన్ని మాత్రమే శుభ్రం చేస్తున్నాయి. ప్రీగాబలిన్ పూర్తి డోసు ఇవ్వాలంటే ఇది 60 ఉండాలి. 60 పైన ఉన్నవాళ్లకు రోజుకు 600 మి.గ్రా. పైహద్దు అయితే, 30 నుంచి 60 మధ్య ఉన్నవాళ్లకు 300. కాగితం మీద నార్మల్‌గా ఉన్న రోజునే ఆమె తన హద్దు అంచున ఉంది.

తర్వాత మోకాళ్ల నొప్పికి ఎసిక్లోఫెనాక్ బిళ్లలు కొనుక్కుని వారాల తరబడి వాడింది. ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండాకాలంలో నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. ఎనిమిది నెలలు గడిచేసరికి క్రియాటినిన్ 1.6కు చేరింది. అదే లెక్క మళ్లీ వేస్తే 3,600ను 115.2తో భాగించాలి. 31.25 వస్తుంది. 0.85తో గుణిస్తే 26.6. 15 నుంచి 30 మధ్య ఉన్నవాళ్లకు ప్రీగాబలిన్ రోజుకు 25 నుంచి 150 మి.గ్రా. మాత్రమే. ఆమె చీటీ మారలేదు, ఇంకా 300 మింగుతూనే ఉంది. హద్దుకు రెట్టింపు. కిడ్నీలు బాగున్న మనిషి రోజుకు దాదాపు 1,200 మి.గ్రా. మింగితే ఒంట్లో ఎంత మందు నిలుస్తుందో, ఈమెలో 300తోనే సుమారుగా అంత నిలుస్తుంది.

ఇంట్లోవాళ్లకు కనిపించేది ఏమిటంటే, ఆమె పగలంతా జోగుతోంది. మాట ముద్దగా వస్తోంది. గోడ పట్టుకుని నడుస్తోంది. చేతిలో గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడి నీళ్లు ఒలికిపోతున్నాయి. ఒక్కోసారి ఉన్నచోటు తెలియనట్టు మాట్లాడుతోంది. పక్షవాతమేమోనని, షుగర్ పడిపోయిందేమోనని కంగారుపడతారు. ఆ కంగారు మంచిదే, ముందు ఆ రెండూ కాదని తేల్చుకోవాల్సిందే. షుగర్ వెంటనే చూడాలి. మూతి వంకరపోవడం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. మందు పేరుకుపోయినప్పుడు ఇబ్బంది రెండువైపులా ఉంటుంది, రోజు రోజుకూ పెరుగుతూ వస్తుంది. చేతులు ఎగిరిపడటం దాని ప్రత్యేక గుర్తు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల డబ్బా మొత్తం తీసుకెళ్తే, అక్కడి డాక్టరుకు సగం సంగతి షీట్లు చూడగానే అర్థమవుతుంది.

మందు పేరుకుందని తేలితే డోసు తగ్గించి కనిపెట్టి చూస్తారు. మరీ తీవ్రమైతే డయాలసిస్ చేస్తారు. నాలుగు గంటల డయాలసిస్‌లో రక్తంలోని ప్రీగాబలిన్ దాదాపు సగం పోతుంది. గాబాపెంటిన్ సంగతి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మామూలు మనిషిలో అది సగానికి తగ్గడానికి 5 నుంచి 7 గంటలు పడుతుంది. కిడ్నీలు పూర్తిగా ఆగిపోయిన మనిషిలో, డయాలసిస్ లేని రోజుల్లో, 132 గంటలు పడుతుంది. అంటే అయిదు రోజులకు పైనే. రోజూ వేసుకునే మందు రోజూ పేరుకుంటూ పోతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్, బీపీ లేని రైతుకూలీలకూ కిడ్నీ జబ్బు వస్తోంది. అక్కడ ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి ‘నరాల మాత్ర’ తెచ్చుకోవడం మిగతా చోట్ల కన్నా ప్రమాదం. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు దురదల కోసం గాబాపెంటిన్ ఇస్తారు, అది డయాలసిస్ అయ్యాక 100 మి.గ్రా. లాంటి చిన్న డోసే. పక్కింటాయనకు మూడుపూటలా 300 రాశారని ఆ కొలత వీళ్లకు వర్తించదు.

మత్తు కోసం మింగితే

ప్రీగాబలిన్‌ను మత్తు కోసం వాడేవాళ్లూ ఉన్నారు. కిక్కు కోసం ఒకేసారి పెద్ద మోతాదు మింగుతారు. త్వరగా, పూర్తిగా రక్తంలోకి చేరే గుణమే దీన్ని గాబాపెంటిన్ కన్నా ఎక్కువ దుర్వినియోగానికి గురిచేస్తోంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, మద్యం, నిద్రమాత్రలు వీటితో కలిపి వాడటం ఇందులో అన్నిటికంటే ప్రమాదకరం. అన్నీ కలిసి మెదడులో ఊపిరి నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తాయి. మనిషి నిద్రలోనే ఊపిరి ఆగి చనిపోవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో ఈ రెండు మందుల మీదా ఇదే హెచ్చరిక ఇచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, వృద్ధులకు ముప్పు ఎక్కువని చెప్పింది. ఈ ప్రమాదం మత్తుబానిసలకు మాత్రమే కాదు. డాక్టరు రాసిన ప్రీగాబలిన్ వాడుతూ, మోకాలి నొప్పికి ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రజోలామ్ కూడా వేసుకుంటున్న పెద్దాయన అదే దారిలో ఉన్నట్టు.

బ్రిటన్ 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు మందుల్నీ నియంత్రిత మందుల్లో చేర్చింది. అమెరికాలో ప్రీగాబలిన్ 2005 నుంచే ఆ జాబితాలో ఉంది. మన దేశంలో పంజాబ్‌లోని కొన్ని జిల్లాల యంత్రాంగాలు 75 మి.గ్రా. దాటిన ప్రీగాబలిన్ అమ్మకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చాయి. గల్ఫ్‌లో యూఏఈ, సౌదీ అరేబియా కూడా దీన్ని నియంత్రిస్తున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి అక్కడికి పనికి వెళ్లేవాళ్లు, పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి. మన దగ్గర మామూలుగా దొరికే షీటు అక్కడి విమానాశ్రయంలో కేసు కావచ్చు. ఆ దేశపు ఆరోగ్య శాఖ నిబంధనలు చూసుకుని, ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ దగ్గర పెట్టుకునే బయల్దేరాలి.

నొప్పి కోసం చెప్పినట్టు వాడేవాళ్లందరూ బానిసలవుతారని కాదు. గతంలో మద్యానికో, మరో మత్తుకో అలవాటు పడినవాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. నెలకు రాసిన మందు ఇరవై రోజులకే అయిపోవడం, ఒకే మందుకు ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరగడం, నొప్పి లేకపోయినా క్యాప్సూల్ లేకుండా ఉండలేకపోవడం దానికి గుర్తులు. అలాగని ఒక్కసారిగా ఆపినా ముప్పే. నిద్ర పట్టదు, చెమటలు పడతాయి, ఆందోళన, వికారం మొదలవుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. తగ్గించడానికి కనీసం వారం పడుతుంది. చాలాకాలం వాడినవాళ్లకు ఇంకా నెమ్మదిగా తగ్గించాలి.

ఇక మీ ఇంట్లో ఈ మందు వాడుతున్నవాళ్లు ఉంటే చేయాల్సిన పనులు. షీటు వెనక ఉన్న అసలు పేరు, మి.గ్రా. చీటీ మీద రాసుకోండి. మూడు నెలల లోపు చేయించిన క్రియాటినిన్, వయసు, బరువు పక్కన రాయండి. నొప్పికీ నిద్రకూ వేసుకుంటున్న మిగతా బిళ్లల పేర్లూ చేర్చండి. ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: నా కిడ్నీకి ఈ డోసు సరిపోతుందా? ఈ మందు వల్ల నా నొప్పి నిజంగా తగ్గిందా? మొదటిదానికి కాదు అంటే డోసు తగ్గాలి. రెండోదానికి కాదు అంటే డాక్టరు చెప్పిన పద్ధతిలో నెమ్మదిగా తగ్గించి ఆ మందు మానెయ్యాలి.